ముప్పై ప్లేట్లే, రాత్రి ఎనిమిది వరకే

మా పిన్ని నిజాంపేటలో కొడుకు దగ్గర ఉంటోంది. రెండు బ్లాకుల అపార్ట్‌మెంటు, నూట ఎనభై ఫ్లాట్లు. వాటన్నిటికీ కలిపి ఒక వాట్సాప్ గ్రూపు. నీళ్ళ ట్యాంకరు రాలేదని ఒకరు, లిఫ్టు ఆగిందని ఇంకొకరు, మధ్యలో పండగ శుభాకాంక్షల పూలబొమ్మలు. పోయినేడు వేసవి సెలవులు అయిపోయిన వారం ఆ గ్రూపులో పిన్ని ఒక ప్రకటన పెట్టింది. ఇంటి వంట టిఫిన్లు మొదలుపెడుతున్నాననీ, ఇడ్లీ, దోశ, పెసరట్టు, ఉప్మా, పూరీ అన్నీ దొరుకుతాయనీ, శుచిగా రుచిగా అమ్మ చేతి వంటలా ఉంటాయనీ, ఒక్కసారి రుచి చూస్తే మళ్ళీ మీరే వస్తారనీ రాసింది. కింద ఎవరో పంపిన అరటాకు ఫొటో. అందులో ఉన్న మినపగారెలు పిన్ని మెనూలోనే లేవు.

రాత్రి పదింటికల్లా నలభై ఒక్క ఆర్డర్లు వచ్చాయి. పిన్ని నాకు ఫోన్ చేసి, "ఒరేయ్, నా వంటకి ఇంత గిరాకీ ఉందని ముప్పై ఏళ్ళ నుంచి మీ బాబాయి ఒక్కసారైనా చెప్పలేదు చూడు" అంది. తెల్లారి ఎనిమిదిన్నరకి మళ్ళీ చేసింది. ఈసారి గొంతు వేరుగా ఉంది.

ఆ రెండు ఫోన్ల మధ్య ఏం జరిగిందో చెప్పుకుంటే, ఇంటి టిఫిన్ల ప్రకటన ఎలా రాయాలో సగం తెలిసిపోతుంది. పిన్ని వంటలో లోపమేమీ లేదు. ప్రకటన ఒప్పుకున్న పనికి ఆ పొయ్యి సరిపోలేదు, అంతే.

అందరికంటే ముందు కాళ్ళకి అడ్డం పడింది టిఫిన్ అన్న మాటే. మనకి టిఫిన్ అంటే పొద్దున తినే పలహారం. మధ్యాహ్నం భోజనం మోసేది క్యారేజీ. ఉత్తరాదివాళ్ళకి, మహారాష్ట్ర వాళ్ళకి అలా కాదు. ముంబైలో 1890 నుంచి డబ్బావాలాలు ఇంటి భోజనం ఆఫీసులకి మోస్తున్నారు. అక్కడ టిఫిన్ సర్వీసంటే రొట్టెలు, కూర, పప్పు, అన్నం ఉన్న మధ్యాహ్నపు డబ్బా. హైదరాబాదు అపార్ట్‌మెంటులో ఈ రెండు రకాల వాళ్ళూ ఒకే గ్రూపులో ఉంటారు. పిన్ని ప్రకటన చూసి నాగపూర్ వైపు దంపతులొకరు నెలకి ఎంత, రోజుకి ఎన్ని రొట్టెలు అని అడిగారు. వాళ్ళకి జవాబిచ్చేసరికి ఆమెకి అరగంట పట్టింది. "పొద్దున పలహారం మాత్రమే, భోజనం లేదు" అని మొదటి వరుసలోనే రాసి ఉంటే ఆ అరగంటలో పెసలు నానబోసుకునేది.

ఇక పొయ్యి లెక్క. పిన్ని వంటింట్లో రెండు బర్నర్ల పొయ్యి ఉంది. ఒకదాని మీద ఇడ్లీ పాత్ర, రెండోదాని మీద పెనం. నలభై ఒక్క ఆర్డర్లలో ఇరవై రెండు ఇడ్లీ, పంతొమ్మిది పెసరట్టు ఉప్మా. ప్లేటుకి రెండు పెసరట్లు. ఒక్కో అట్టు పోసి, నూనె చుట్టి, కాల్చి, మడిచి తీయడానికి ఎంత చెయ్యి తిరిగినా మూడు నిమిషాలు పడుతుంది. అంటే ప్లేటుకి ఆరు నిమిషాలు, పంతొమ్మిది ప్లేట్లకి నూట పద్నాలుగు నిమిషాలు. దాదాపు రెండు గంటల పాటు ఆ పెనం మీద ఇంకేమీ పెట్టడానికి లేదు. మరి ఉప్మా దేనిమీద ఉడకాలి? పచ్చడికి పోపు దేనిమీద వేయాలి? ఇడ్లీ పాత్ర దించితే ఇడ్లీలు ఆగుతాయి, పెనం దించితే అట్లు ఆగుతాయి.

పైగా పిల్లల స్కూలు బస్సు ఏడూ నలభైకి. ఆర్డరిచ్చిన ఇళ్ళలో సగానికి పైగా ఏడున్నరకే కావాలన్నాయి. ఆరింటికి కాల్చిన పెసరట్టు డబ్బాలో పెట్టి మూతేస్తే ఏడున్నరకి అది పెసరట్టుగా ఉండదు. ఆవిరి పట్టి, మెత్తబడి, తడిగుడ్డలా అవుతుంది. వేడిగా ఇవ్వాలంటే ఎనిమిదింటికి గానీ ఇవ్వలేం. ఆ పొద్దున మొదట తీసుకున్నవాళ్ళకి మెత్తటి అట్లు అందాయి, చివరివాళ్ళకి అసలు అందలేదు. ఆరుగురు పిల్లలు బిస్కెట్లు తిని బస్సెక్కారు. గ్రూపులో ఎవరూ తిట్టలేదు. "పర్లేదు ఆంటీ" అన్నారు. మర్నాడు ఆర్డర్లు తొమ్మిది.

కాబట్టి కాగితం మీద కలం పెట్టే ముందు గడియారం పట్టుకుని పొయ్యి దగ్గర నిలబడాలి. పిన్ని చేత ఒక ఆదివారం నేను చేయించిన పని అదే. ఆమె ఇడ్లీ పాత్రకి ఆరు రేకులు, రేకుకి నాలుగు గుంతలు, వాయికి ఇరవై నాలుగు ఇడ్లీలు. ఉడకడానికి పది పన్నెండు నిమిషాలు పడుతుంది. ఆ పైన మూడు నాలుగు నిమిషాలు చల్లారనివ్వాలి, లేకపోతే రేకుకి అంటుకుని విరుగుతాయి. తీసి, రేకులు తడిపి, మళ్ళీ పిండి వేయడానికి ఇంకొంత. మొత్తం కలిపి వాయికి ఇరవై నిమిషాలు. ప్లేటుకి నాలుగు చొప్పున ముప్పై ప్లేట్లంటే నూట ఇరవై ఇడ్లీలు, అయిదు వాయిలు, గంటా నలభై నిమిషాలు. అయిదూ నలభైకి మొదటి వాయి పెడితే ఏడూ ఇరవైకి చివరిది దిగుతుంది. ఇడ్లీకి ఇంకో సుగుణముంది. మూత దగ్గరగా వేసిన హాట్‌ప్యాకులో, శుభ్రమైన గుడ్డ మధ్య గంటసేపు పెట్టినా వేడి పోదు, రూపం చెడదు. అట్టుకి ఆ ఓపిక లేదు.

అందుకే ప్రకటనలో వారమంతా ఇడ్లీయే ముందుండాలని తేల్చుకున్నాం. పెసరట్టు శనివారం మాత్రమే. ఆ రోజు స్కూలు హడావిడి ఉండదు, ఇంటికొచ్చి వేడిగా పట్టుకెళ్ళేవాళ్ళకే, పన్నెండు ప్లేట్లే. పూరీ తీసేశాం. పూరీ డబ్బాలో పెట్టి పంపే వంటకం కాదని నా గట్టి అభిప్రాయం. ఎవరైనా కాదంటే వాళ్ళింటికి వెళ్ళి తింటాను.

ఎన్ని ప్లేట్లో తేలాక, ఎప్పటిలోగా చెప్పాలన్నది ఇంకో ముడి. చాలా ప్రకటనల్లో "ముందురోజు ఆర్డర్ చేయండి" అని ఉంటుంది. ముందురోజంటే ఎప్పుడు? రాత్రి పదకొండింటికి చెప్పినా అది ముందురోజే. ఇక్కడ పప్పు చెప్పే వేళే చెల్లుతుంది. మినపప్పు పొద్దున పదకొండింటికి నానబోస్తే సాయంత్రం నాలుగైదింటికి రుబ్బుతారు. గ్లాసు పప్పుకి రెండు గ్లాసుల ఇడ్లీ రవ్వ కడిగి పిండి కలిపితే, పిన్ని గుంతల కొలతకి పాతిక ఇడ్లీలు వస్తాయి. నూట ఇరవైకి అయిదు గ్లాసుల పప్పు. వేసవిలో ఆరేడు గంటల్లో పులిసిపోతుంది, చలికాలం పది పన్నెండు గంటలైనా చాలదు. అంటే రేపటి ఇడ్లీ ఎన్నో అన్నది ఇవాళ పొద్దున పదకొండింటికే ఖాయమైపోతుంది. రాత్రి వచ్చిన ఆర్డరు ఆ పిండిలో వాటా తీసుకుంటుంది తప్ప పిండిని పెంచలేదు. గ్రూపులో ఈ సంగతి చాలామందికి తట్టదు. "ఇంకో రెండు ప్లేట్లు ఎక్కువ చేయలేరా ఆంటీ" అంటారు. పిండికి నీళ్ళు కలిపి రెండు ప్లేట్లు పెంచే ఇళ్ళూ ఉన్నాయి. ఆ ఇడ్లీ రేకు మీదే పలచగా పరుచుకుని, పొంగకుండా బిళ్ళలా దిగుతుంది. చూడగానే తెలిసిపోతుంది.

కాబట్టి ప్రకటనలో రెండు సంఖ్యలు తప్పనిసరి. రోజుకి ముప్పై ప్లేట్లు అన్నది ఒకటి, రాత్రి ఎనిమిది వరకు అన్నది రెండోది. ముప్పై ముందే నిండితే అక్కడితో ఆపడం. నిండకపోతే మిగిలిన పిండి ఫ్రిజ్‌లోకి వెళ్ళి, మర్నాడు ఇంట్లోవాళ్ళకి దిబ్బరొట్టె అవుతుంది. బాబాయికి ఈ ఏర్పాటు చాలా నచ్చింది. అమ్ముడుపోని రోజులకోసం ఆయన ఎదురు చూస్తాడని పిన్ని ఫిర్యాదు.

ధర దగ్గర పిన్ని మొదట ముప్పై అంది. ఇంట్లో చేసేదే కదా, ఎంతవుతుందని. కూర్చుని లెక్క వేశాం. కిలో పప్పు, రెండు కిలోల రవ్వ ఆమె కొనే ధరల్లో నాలుగు ఇడ్లీలకి ఏడు రూపాయలు పడ్డాయి. పల్లీ పచ్చడి, అల్లం పచ్చడి, నూనె, పోపు కలిపి తొమ్మిది. గ్యాసు, మిక్సీ కరెంటు కలిపి మూడు. ఇక డబ్బా అయిదు, పచ్చడి గిన్నె రెండు, సంచి ఒకటి, వెరసి ఎనిమిది. చితికినవి, మిగిలినవి లెక్కేస్తే ప్లేటుకి ఇంకో రెండు. మొత్తం ఇరవై తొమ్మిది. ముప్పైకి అమ్మితే నాలుగింటికి లేచినందుకు ప్లేటుకి రూపాయి. ఇడ్లీ ఖరీదు కంటే ఇడ్లీ పెట్టే డబ్బా, గిన్నె, సంచి ఖరీదు ఎక్కువని తెలిసి పిన్ని కాసేపు ఏమీ మాట్లాడలేదు.

నలభై రూపాయలకి నిర్ణయించాం. ఇంటి నుంచి స్టీలు డబ్బా తెచ్చుకుంటే ముప్పై అయిదు. చూడ్డానికి ఇది దయాగుణంలా ఉంటుంది గానీ లెక్క వేరే చెబుతుంది. అట్టపెట్టెలో ఇస్తే ప్లేటుకి మిగిలేది పదకొండు. స్టీలు డబ్బాలో ఇస్తే ఖర్చు ఇరవై ఒకటికి దిగుతుంది కాబట్టి, అయిదు తగ్గించాక కూడా పద్నాలుగు మిగులుతుంది. అపార్ట్‌మెంటులో అమ్మేవాళ్ళకి ఉన్న వెసులుబాటు ఇదే. కొనేవాడు లిఫ్టు ఎక్కితే చాలు. పైగా ప్లాస్టిక్ డబ్బాలో వేడి ఇడ్లీ చెమట పట్టే బాధ స్టీలులో తక్కువ.

ఆర్డర్లు ఎలా తీసుకోవాలన్నది చిన్న విషయంలా కనిపిస్తుంది. మొదటి ప్రకటనకి జవాబులు ఎలా వచ్చాయంటే "నాకూ", "మాకు రెండు", ఒక చేతి బొమ్మ, ఒక దణ్ణం బొమ్మ. ఏ ఫ్లాటు, ఏ పలహారం, ఎన్ని ప్లేట్లు అన్నది ఎవరూ రాయలేదు. కొన్ని గ్రూపుల్లో జాబితా పద్ధతి ఉంటుంది. పైవాళ్ళ జాబితాని కాపీ చేసి కింద తమ పేరు చేర్చి మళ్ళీ పెట్టడం. ఇద్దరు ఒకే నిమిషంలో కాపీ చేస్తే రెండో జాబితాలో మొదటివాళ్ళ పేరు ఉండదు. ఆ తర్వాతివాళ్ళు చివరి జాబితానే కాపీ చేస్తారు కాబట్టి పోయిన పేరు ఇక తిరిగి రాదు. ఆయన మాత్రం చెప్పాననుకుని పొద్దున గిన్నె పట్టుకుని వస్తాడు. పిన్ని ఇప్పుడు గ్రూపులో ఆర్డర్లు తీసుకోదు. నేరుగా తన నంబరుకి బ్లాకు, ఫ్లాటు, ప్లేట్లు అని మూడే ముక్కలు రాయమంటుంది. రాసినవాళ్ళకి "అందింది" అని తిరిగి రాస్తుంది. అందింది అని రాకపోతే ఆర్డరు లేనట్టే. ప్రకటనలో ఈ వాక్యం ఉండడం వల్ల తగవులు పోయాయి.

చట్టం సంగతి క్లుప్తంగా. ఇంట్లో వండి డబ్బు తీసుకుని అమ్మినా అది 2006 నాటి ఆహార భద్రతా చట్టం కిందికి వస్తుంది. పిన్నిలాంటి చిన్న వంటిళ్ళకి పెద్ద లైసెన్సు అక్కర్లేదు, ఎఫ్ఎస్ఎస్ఏఐ రిజిస్ట్రేషన్ చాలు. ఫోస్కోస్ అనే వెబ్‌సైటులో దరఖాస్తు చేస్తే పద్నాలుగు అంకెల నంబరు వస్తుంది. ఆ నంబరు ప్రకటన చివర వేస్తే, "శుచిగా శుభ్రంగా" అన్న మాట రాయాల్సిన పని ఉండదు. ఇంటి వాడకానికి వచ్చే 14.2 కిలోల గ్యాసు బండని వ్యాపారానికి వాడకూడదు, 19 కిలోల వాణిజ్య బండ తీసుకోవాలి. అపార్ట్‌మెంటు సంఘాన్ని కూడా ముందే అడగాలి. చాలా గ్రూపుల్లో అమ్మకాల ప్రకటనలకి వారంలో ఒక రోజే అనుమతి ఉంటుంది. అడ్మిన్ మెసేజ్ తీసేశాక అలగడం కంటే ముందు అడగడం మేలు.

రాయకూడని మాటలు కూడా ఉన్నాయి. పిన్ని రెండో రకంగా రాగి ఇడ్లీ పెడదామనుకున్నప్పుడు ఎదురింటి పెద్దాయన ఒకరు, "షుగరు తగ్గిస్తుందని రాయండమ్మా, ఎగబడి కొంటారు" అని సలహా ఇచ్చారు. రాగి మంచిదే. కానీ ఇడ్లీ ప్లేటు జబ్బు తగ్గిస్తుందని రాస్తే అది తప్పుదోవ పట్టించే ప్రకటన. అదే చట్టంలోని 53వ సెక్షను ప్రకారం దానికి పది లక్షల రూపాయల వరకు జరిమానా వేయొచ్చు. వాట్సాప్‌లో పెట్టినా ప్రకటన ప్రకటనే. అంతకంటే పనికొచ్చే వాక్యం ఒకటుంది: "పచ్చడిలో వేరుశెనగ ఉంది." పల్లీలు పడని పిల్లలున్న ఇంటికి ఆ మూడు మాటలే కావాలి. నెయ్యి, జీడిపప్పు, నువ్వులు, గోధుమరవ్వ వాడినప్పుడు కూడా ఇలాగే పేరు పెట్టి చెప్పాలి. ఇంట్లో గుడ్డు, మాంసం వండుతారా లేదా అన్నది కూడా కొందరు అడుగుతారు. ఉన్నది ఉన్నట్టు రాస్తే సరిపోతుంది.

ఎప్పటిలోగా తినాలో చెప్పడం ఇంకా చాలామందికి అలవాటు కాలేదు. వండిన పదార్థం 60 డిగ్రీల పైన వేడిగా గానీ, 5 డిగ్రీల లోపు చల్లగా గానీ ఉండాలి. ఆ రెంటి మధ్యా సూక్ష్మజీవులు త్వరగా పెరుగుతాయి. ఏడున్నరకి తీసుకున్న కొబ్బరి పచ్చడిని మే నెలలో ఆఫీసు బల్ల మీద పెట్టి మధ్యాహ్నం ఒంటిగంటకి తింటే కడుపు నొప్పి వచ్చినా, పేరు పిన్నిదే పోతుంది. అందుకే వేసవిలో కొబ్బరి మానేసి, పల్లీ పచ్చడి ఒక్కటే ఇస్తోంది. ఏ కాలమైనా పచ్చడి పదకొండు లోపు తినేయమని రాస్తుంది. డబ్బా మూత తీయగానే పచ్చడి మీద చిన్న బుడగలు కనిపించినా, పుల్లటి వాసన తగిలినా పారేయాల్సిందే. డబ్బులు వెనక్కిస్తానని కూడా రాయించాను. ఇప్పటిదాకా ఇద్దరే అడిగారు, ఇద్దరికీ ఇచ్చింది.

ఇన్నీ తేలాక పిన్ని రెండో ప్రకటన రాసింది. నేను ఒక్క మాట కూడా మార్చలేదు:

"అందరికీ నమస్కారం. నేను బి బ్లాక్ రెండో అంతస్తులో ఉంటాను. సోమవారం నుంచి పొద్దున పలహారం మాత్రమే ఇస్తున్నాను, భోజనం లేదు. సోమవారం నుంచి శుక్రవారం వరకు ఇడ్లీ, ప్లేటుకి నాలుగు, పల్లీ పచ్చడి, అల్లం పచ్చడి. పచ్చడిలో వేరుశెనగ ఉంది. మా ఇంట్లో గుడ్డు వండుతాం, మాంసం వండం. ప్లేటు 40 రూపాయలు, మీ డబ్బా ముందురోజు రాత్రే ఇస్తే 35. రోజుకి ముప్పై ప్లేట్లే. ముందురోజు రాత్రి ఎనిమిది లోపు ఈ నంబరుకే బ్లాకు, ఫ్లాటు, ఎన్ని ప్లేట్లు అని రాయండి. నేను అందింది అని రాస్తేనే ఆర్డరు ఉన్నట్టు. ఏడు నుంచి ఏడున్నర మధ్య మా ఇంటి దగ్గర తీసుకోవాలి. మోకాళ్ళ నొప్పులున్న పెద్దవాళ్ళకి మావారు తెచ్చి ఇస్తారు. పచ్చడి పదకొండు లోపు తినేయండి. శనివారం పెసరట్టు ఉప్మా, పన్నెండు ప్లేట్లు, ఎనిమిది నుంచి తొమ్మిది మధ్య ఇంటికొచ్చి వేడిగా తీసుకునేవారికే. ఆదివారం సెలవు."

కింద రిజిస్ట్రేషన్ నంబరు, తన ఇడ్లీల ఫొటో. పిన్ని వంటింటి గట్టు మీద, పిన్ని డబ్బాలోనే. వెనక బాబాయి కళ్ళజోడు కూడా పడింది, ఉండనిమ్మన్నాను. ఈ రాత మొత్తం మెసేజ్‌గానే పెట్టింది, రంగురంగుల పోస్టరు మీద రాయించలేదు. పోస్టరులోని అక్షరాలు వెతికితే దొరకవు. మెసేజ్ అయితే రెండు వారాల తర్వాత కూడా ఇడ్లీ అని వెతికితే పైకి వస్తుంది. శనివారం సాయంత్రం ఆరున్నరకి పెట్టింది. పండగ పొద్దున పెట్టి ఉంటే ఆ పూలబొమ్మల కింద పది నిమిషాల్లో కనబడకుండా పోయేది.

మొదటి సోమవారం పదిహేడు ప్లేట్లు వెళ్ళాయి. మూడో వారానికి ముప్పై నిండాయి. నిండిన రోజు అందరూ సంఖ్య పెంచమన్నారు. పిన్ని పెంచలేదు. రెండో ఇడ్లీ పాత్ర కొంటే పెనం పెట్టే బర్నరు పోతుందని లెక్క చెప్పింది. ముప్పై ప్లేట్లకి రోజుకి 330 రూపాయలు, స్టీలు డబ్బాలు ఎక్కువ వచ్చిన రోజు ఇంకాస్త మిగులుతోంది. ఒక మంగళవారం జ్వరం వస్తే తెల్లవారి అయిదింటికి "ఇవాళ లేదు, డబ్బులు పంపేశాను" అని ముప్పై ఇళ్ళకీ విడివిడిగా రాసింది.

మీ అపార్ట్‌మెంటు గ్రూపులో కూడా ఇలాంటి ప్రకటన ఏదో ఒక రోజు వస్తుంది. బొటనవేలి బొమ్మ పెట్టి ఊరుకోకండి. తీసుకోదలచుకుంటే ఫ్లాటు నంబరు, ఎన్ని ప్లేట్లు అన్నది ఆ రోజు పొద్దున పదకొండు లోపే రాసేయండి. అక్కడ ఎవరో గ్లాసు చేత్తో పట్టుకుని పప్పు డబ్బా ముందు నిలబడి ఉంటారు.